రెండు లైన్లూ ఒకేసారి ఎందుకు పోయాయి? రోడ్డు తవ్వకం, తెగిన కేబుల్, ఆగిన బ్రాంచి ఆఫీసు

నెల్లూరు జిల్లా కావలిలో ఒక బ్రాంచి ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం. రొయ్యల చెరువులకు ఏరేటర్లు, మోటార్లు సరఫరా చేసే కంపెనీ అది. ప్రధాన కార్యాలయం విజయవాడలో ఉంది, బిల్లింగు సాఫ్ట్‌వేర్ నడిచే సర్వరూ అక్కడే ఉంది. బ్రాంచికి రెండు ఇంటర్నెట్ లైన్లున్నాయి. ఒకటి పెద్ద టెలికాం కంపెనీ ఈ ఆఫీసు కోసమే కేటాయించి ఇచ్చిన లీజ్డ్ లైను. రెండోది ఊళ్లోని కేబుల్ ఆపరేటరు ఇచ్చిన బ్రాడ్‌బ్యాండ్. మొదటిది పోతే రెండోది అందుకుంటుందన్న నమ్మకంతోనే రెండింటికీ నెలనెలా డబ్బు కడుతున్నారు. ఒక రోజు ఉదయం 10:40కి, రోడ్డు పక్కన మురుగు కాలువ కోసం తవ్వుతున్న జేసీబీ బకెట్‌కు భూమిలోని ఫైబర్ కేబుల్ తగిలి తెగిపోయింది. ఒక్క నిమిషం తేడాలో రెండు లైన్లూ ఆగిపోయాయి. అల్లూరు డీలరుకు వెళ్లాల్సిన ఏరేటర్ల లోడు గోడౌన్ గేటు దగ్గరే నిలిచిపోయింది.

ఇలాంటి ఉదయం ఆఫీసులో మొదట జరిగేది రౌటర్‌ను ఆపి మళ్లీ వేయడం. దానికంటే ముందు పెట్టెల మీది దీపాలను చూడాలి. ఏ దీపం ఎలా ఉందో ఫోనులో ఫొటో తీసుకోవాలి. రీస్టార్ట్ చేస్తే ఆ ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి, చాలా పెట్టెల్లో లాగ్, అంటే జరిగినవాటి చిట్టా, కూడా పోతుంది. ఈ ఉదాహరణలో రెండు పెట్టెలూ రెండు వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. వాటిని కలిపి చదివితే కేబుల్ సుమారుగా ఎక్కడ తెగిందో ఆఫీసులో కూర్చునే తెలుస్తుంది.

లీజ్డ్ లైను ఫైబర్‌లోని కాంతిని రాగి తీగ సిగ్నల్‌గా మార్చే పెట్టె, అంటే మీడియా కన్వర్టర్‌లో, ఫైబర్ వైపు దీపం ఆరిపోయింది. కరెంటు దీపం వెలుగుతోంది, రౌటర్ వైపు దీపమూ వెలుగుతోంది. అంటే పెట్టెలో లోపం లేదు, దానికి అవతలి నుంచి వెలుతురు రావడం లేదు. టెలికాం కంపెనీ స్థానిక కేంద్రం నుంచి ఈ ఆఫీసు దాకా వచ్చే ఫైబర్ ఎక్కడో తెగింది.

బ్రాడ్‌బ్యాండ్ పెట్టె, అంటే ఓఎన్‌టీ, మరోలా ఉంది. దాని మీద PON దీపం నిలకడగా పచ్చగా వెలుగుతోంది, LOS దీపం ఆరి ఉంది. కాంతి అందకపోతే LOS ఎర్రగా వెలగాలి. అది వెలగలేదు కాబట్టి ఆపరేటరు ఆఫీసులోని పరికరం నుంచి ఇక్కడికి కాంతి వస్తూనే ఉంది, స్తంభాల మీదుగా వచ్చిన తీగ బాగానే ఉంది. అయినా ఇంటర్నెట్ లేదు. కారణం, ఆపరేటరు ఆఫీసు నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే లైను తెగడం. తన పరికరాలు తనవే అయినా, పట్టణం దాటడానికి ఆ ఆపరేటరు పెద్ద కంపెనీ కేబుల్‌లోనే కొన్ని ఫైబర్లు అద్దెకు తీసుకున్నాడు. జేసీబీ తెంపిన కేబుల్ అదే. రెండు కంపెనీలు, రెండు బిల్లులు, రెండు పెట్టెలు ఉన్నా, కాలువ పనులు జరుగుతున్న చోట రెండూ ఒకే గొట్టంలో వెళ్తున్నాయి.

దీపాలు చెప్పిన మాటను కంప్యూటర్‌లో రెండు ఆదేశాలతో సరిచూసుకోవచ్చు. ఆఫీసు రౌటర్ చిరునామా 192.168.1.1 అనుకుంటే:

```
ping 192.168.1.1
tracert -d 8.8.8.8
```

మొదటిదానికి జవాబు వస్తే ఆఫీసు లోపలి నెట్‌వర్కు బాగున్నట్టే. రెండోది దారిలోని ఒక్కో మజిలీని వరుసగా చూపిస్తుంది. లీజ్డ్ లైను మీద రౌటర్ దాటగానే `Request timed out` గానీ `Destination host unreachable` గానీ వస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ మీదికి మార్చి చూస్తే ఆపరేటరు పరికరం దాకా ఒకటి రెండు మజిలీలు పలికి, ఆ తర్వాత ఆగిపోవచ్చు. పలికిన చివరి మజిలీ తర్వాతే ఎక్కడో తెగుడు ఉంది. కొన్ని ఆపరేటర్ల దగ్గర ఓఎన్‌టీ లాగిన్ సర్వరు కూడా అవతలి వైపే ఉంటుంది. అప్పుడు మొదటి మజిలీ కూడా పలకదు. అలాంటి చోట దీపాల మీదే ఆధారపడాలి.

ఆ పచ్చ దీపం వల్ల ఇంకో చిక్కు ఉంది, చాలా బ్రాంచిల్లో దీన్ని ఎవరూ గమనించరు. ఒక లైను పోతే మరో లైనుకు మారే ఏర్పాటు రౌటర్‌లోనే ఉంటుంది. తక్కువ ఖరీదు రౌటర్లు లైను పోయిందా లేదా అన్నది తీగలో సిగ్నల్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే తేల్చుకుంటాయి. ఇక్కడ లీజ్డ్ లైను కూడా మీడియా కన్వర్టర్ ద్వారానే రౌటర్‌కు చేరుతోంది. ఫైబర్ తెగినా, కన్వర్టర్‌కు రౌటర్‌కు మధ్య ఉన్న రాగి తీగలో సిగ్నల్ అలాగే ఉంటుంది. కాబట్టి లైను బాగానే ఉందనుకుని రౌటర్ కదలదు. బ్రాడ్‌బ్యాండ్ విషయంలోనూ అంతే. మూడో దారిగా 4జీ సిమ్ ఉన్న డాంగిల్ పెట్టి ఉంచినా, దాని వంతు ఎప్పటికీ రాదు. దీనికి విరుగుడు రౌటర్ సెట్టింగుల్లోనే ఉంది. పది సెకన్లకోసారి బయటి చిరునామా ఒకదాన్ని పింగ్ చేసి, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే లైను పోయినట్టు లెక్కించమని చెప్పాలి. ఆ చిరునామా ఆపరేటరు గేట్‌వేది కాకూడదు, ఆపరేటరు నెట్‌వర్కుకు అవతల ఉన్నది కావాలి. ఒకే చిరునామా కాకుండా రెండు పెట్టుకుంటే మంచిది. ఒక సర్వరు కాసేపు పలకనంత మాత్రాన లైను మారిపోకుండా ఉంటుంది.

సిమ్ మీదికి మారినా బిల్లింగు నడుస్తుందన్న హామీ లేదు. లీజ్డ్ లైనుతో పాటు స్థిరమైన ఐపీ చిరునామా వస్తుంది. విజయవాడ ఆఫీసులోని ఫైర్‌వాల్, ఫలానా చిరునామా నుంచి వస్తేనే వీపీఎన్, అంటే రెండు ఆఫీసుల మధ్య ఇంటర్నెట్‌లో నడిచే భద్రమైన దారి, కలపాలన్న నియమంతో ఉంటుంది. సిమ్‌కు ఆ చిరునామా ఉండదు. టెలికాం కంపెనీ వేలమంది చందాదారులను కొద్దిపాటి చిరునామాల వెనక ఉంచుతుంది కాబట్టి, బయటి నుంచి ఆ సిమ్‌ను వెతికి పట్టుకోవడం కూడా కుదరదు. అందువల్ల వీపీఎన్‌ను ఎప్పుడూ బ్రాంచి వైపు నుంచే మొదలయ్యేలా పెట్టాలి. గుర్తింపు కూడా చిరునామాను బట్టి కాకుండా కీ లేదా సర్టిఫికెట్‌ను బట్టి జరగాలి. ఈ మార్పును ప్రధాన కార్యాలయం నెట్‌వర్కు సిబ్బంది ముందే చేసి ఉంచాలి. లైను తెగిన రోజు ఫోన్లో చెప్పించుకుని చేసే పని కాదు ఇది.

ఏ సిమ్ వాడాలన్నదీ ఆలోచించాల్సిందే. సెల్ టవర్లలో చాలావాటికి కూడా ఫైబర్ ద్వారానే లైను వెళ్తుంది. కేబుల్ తెగిన ప్రాంతంలో ఒక కంపెనీ ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే డేటా కదలకపోవడం చూస్తుంటాం. టవర్ పని చేస్తోంది, దాని వెనక లైను లేదు. అందుకే లీజ్డ్ లైను ఇచ్చిన కంపెనీ సిమ్‌ను కాకుండా మరో కంపెనీ సిమ్‌ను ఎంచుకోవాలి.

ఇక ఏం ఆగింది, ఏం ఆగలేదు అన్న విషయం. ఇంటర్నెట్ పోగానే అన్నీ ఆగిపోయాయన్న మాట ఆఫీసంతా పాకుతుంది, అది నిజం కాదు. సీసీటీవీ రికార్డింగు ఆఫీసులోని డబ్బాలోనే జరుగుతుంది, విజయవాడ నుంచి చూడటం మాత్రమే కుదరదు. వేలిముద్రల హాజరు యంత్రం లెక్కను తనలోనే దాచుకుని లైను వచ్చాక పంపుతుంది. గోడ మీది యూపీఐ క్యూఆర్ కోడ్ మీద కొనుగోలుదారు తన ఫోను డేటాతో చెల్లించవచ్చు. డబ్బు అందిందని పలికే పెట్టెకు సొంత సిమ్ ఉంటుంది. కార్డు యంత్రం వైఫై మీద నడిచేదైతే ఆగుతుంది, సిమ్ ఉన్నదైతే నడుస్తుంది. నిజంగా ఆగేవి మూడు: సర్వరు మీద నడిచే బిల్లింగు, స్టాకు లెక్క, ప్రధాన కార్యాలయంతో కలిసిన ఐపీ ఫోన్లు. గేటు దగ్గర లోడు ఆగడానికి కారణం మొదటిదే.

ఆ లోడును కదిలించడానికి కేబుల్ అతికేదాకా ఆగాల్సిన పని లేదు. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన సంస్థలు మరో వ్యాపారికి అమ్మినప్పుడు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. ఈ పరిమితి 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లూ కావాలి. ఈ రెండింటినీ తయారుచేసేవి ప్రభుత్వ పోర్టళ్లు. వాటికి కావలసింది జీఎస్టీ నమోదు, లాగిన్. ఫలానా ఆఫీసులోనే కూర్చుని చేయాలన్న నియమం లేదు. కావలి, విజయవాడ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి, రెండు ఆఫీసులూ ఒకే జీఎస్టీ నంబరు కింద నమోదై ఉంటే విజయవాడలోని ఉద్యోగి ఆ రెండూ తీసి పంపవచ్చు. బ్రాంచి నుంచి ఫోన్లో చెప్పాల్సింది డీలరు పేరు, సరుకు, పరిమాణం, లారీ నంబరు. లారీ డ్రైవరు ఈ-ఇన్‌వాయిస్ క్యూఆర్ కోడ్‌ను ఫోన్లోనే చూపించవచ్చు, ఈ-వే బిల్లు నంబరు దగ్గర ఉంటే చాలు. ఇంత సులువైన దారి ఉన్నా లోడు ఆగిందంటే, ఈ పని ఎవరు ఎవరికి ఫోను చేసి చేయించుకోవాలో ముందే రాసి పెట్టుకోలేదన్నమాట. రాత్రి ఆక్సిజన్ పడిపోయే చెరువు గట్టు మీద ఏరేటరు కోసం ఎదురుచూసే రైతుకు నాలుగు గంటల ఆలస్యం చిన్న విషయం కాదు.

ఇప్పుడు వెండరుకు, అంటే లైను ఇచ్చిన కంపెనీకి, ఫోను. బ్రాంచి మేనేజరు మొదట తనకు తెలిసిన లైన్‌మన్‌కు ఫోను చేస్తాడు, అది సహజమే. కానీ ఫిర్యాదు నమోదయ్యేది కంపెనీ కేంద్రంలో టికెట్ తెరిచినప్పుడే. ఒప్పందంలోని గంటల లెక్క కూడా అప్పుడే మొదలవుతుంది. లైన్‌మన్‌తో మాట్లాడి గంట గడిచాక టికెట్ తీస్తే, ఆ గంట ఎక్కడా లెక్కలోకి రాదు. 24 గంటల నంబరుకు ఫోను చేసి ముందుగా సర్క్యూట్ ఐడీ, అంటే మన లైనును కంపెనీ గుర్తుపట్టే నంబరు, చెప్పాలి. అది కన్వర్టర్ మీది స్టిక్కర్ మీదో, నెల బిల్లు మీదో ఉంటుంది. దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం మేలు. ఐడీ చెప్పాక మాట ఇలా ఉండవచ్చు:

“సార్, కావలి బ్రాంచి నుంచి మాట్లాడుతున్నాను. 10:40 నుంచి లింకు లేదు. కరెంటు ఉంది, యూపీఎస్ నడుస్తోంది. కన్వర్టర్‌లో ఫైబర్ దీపం ఆరింది, రౌటర్ వైపు దీపం వెలుగుతోంది. మా ఆఫీసుకు ఉత్తరాన ట్రంకు రోడ్డు పక్కన కాలువ తవ్వుతున్నారు. కేబుల్ తెగి బయటికి వచ్చింది. ఫొటో, లొకేషను పంపుతున్నాను. టికెట్ నంబరు చెప్పండి.”

ఈ నాలుగు మాటలతో రెండు దశలు తగ్గుతాయి. కరెంటు ఉందా, పెట్టె రీస్టార్ట్ చేశారా అన్న ప్రశ్నల వరుస ఆగిపోతుంది. కన్వర్టర్ చూడటానికి ఒక మనిషిని ఆఫీసుకు పంపకుండా, నేరుగా అతికే బృందాన్ని రోడ్డు మీదికి పంపే వీలు కలుగుతుంది. ఆఫీసులో ఎవరో ఒకరు స్కూటరు మీద ఆ రోడ్డంతా ఒకసారి తిరిగి రావడం అన్నిటికంటే విలువైన పని. అలా వెళ్లినవాళ్లు తెగిన కొసను ముట్టుకోకూడదు, దానిలోకి తొంగి చూడకూడదు. ఫైబర్‌లోని కాంతి కంటికి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు. విరిగిన గాజు ముక్కలు చర్మంలో గుచ్చుకుంటాయి.

రోడ్డు మీద ఆ చూపు ఎందుకంత అవసరమో, ఫైబర్ ఎంత దూరంలో తెగిందో కొలిచే ఓటీడీఆర్ పని తీరు చూస్తే అర్థమవుతుంది. ఆ పరికరం ఫైబర్‌లోకి కాంతి తునకలను పంపి, తెగిన చోటు నుంచి తిరిగి వచ్చే ప్రతిఫలనానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. గాజులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి రానూపోనూ 21 మైక్రోసెకన్లు పడితే తెగుడు 2.1 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అయితే అది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. కేబుల్ దారిలో భూమిలో కట్టే ప్రతి చాంబర్‌లోనూ అవసరానికి కొన్ని మీటర్ల కేబుల్‌ను చుట్టగా వదులుతారు. ఆ చుట్టలన్నీ కలిపితే రోడ్డు మీద వంద మీటర్లకు పైగా తేడా రావచ్చు. తవ్వినవాళ్లు గుంత పూడ్చేసి ముందుకు వెళ్లిపోయి ఉంటే, ఆ వంద మీటర్లలో తెగుడును వెతకడానికే గంట పడుతుంది. బ్రాంచి పంపిన ఫొటో ఆ గంటను మిగులుస్తుంది.

ఆ తర్వాతి పని నెమ్మదిగా సాగడానికి కారణాలున్నాయి. కత్తితో కోసినట్టు తెగితే ఒక్క జాయింటుతో సరిపోతుంది. జేసీబీ బకెట్ కేబుల్‌ను కోయదు, పట్టి లాగుతుంది. పైతొడుగు సాగి, లోపలి గాజుపోగులు తెగిన చోటుకు అటూ ఇటూ చాలా దూరంలో కూడా విరుగుతాయి. అందుకే దెబ్బతిన్న భాగాన్నంతా తీసేసి కొత్త ముక్క వేసి, రెండు కొసల్లోనూ జాయింటు చేయాలి. 24 ఫైబర్ల కేబుల్ అయితే రెండు జాయింట్లకు కలిపి 48 అతుకులు. యంత్రం ఒక అతుకును కొన్ని సెకన్లలో కరిగించి కలుపుతుంది. కానీ పూత తీయడం, తుడవడం, చదునుగా తెంపడం, అతికాక రక్షణ గొట్టం వేడిచేయడం కలిపితే ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు. అంటే అతుకులకే రెండున్నర నుంచి మూడు గంటలు. బృందం రావడం, గుంతలో నీళ్లు తోడటం, కొత్త కేబుల్ లాగడం దీనికి అదనం. ఉదయం 10:40కి తెగిన లైను సాయంత్రం నాలుగింటికి వచ్చిందంటే బృందం నిదానంగా పని చేసిందని అనుకోనవసరం లేదు.

అతుకుల్లోనూ వరుస ఉంటుంది. టవర్లను, పట్టణాలను కలిపే ఫైబర్లు ముందు, ఆ తర్వాత విడి ఖాతాదారులవి. అందుకే పక్క షాపుకు లైను వచ్చి గంటైనా ఈ బ్రాంచికి రాకపోవచ్చు. రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగేకంటే, కేబుల్‌లో ఎన్ని అతుకులు పూర్తయ్యాయి, మన ఫైబర్ ఏ వరుసలో ఉందని అడిగితే నికరమైన జవాబు వస్తుంది.

లైను వచ్చిందని టికెట్ మూసేయమన్నప్పుడు ఒక్క నిమిషం ఆగాలి. ఫైబర్ నేరుగా చేరే మాడ్యూల్ ఉన్న పెట్టెల్లో, అందుతున్న కాంతి బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి తగ్గినట్టు. ముందు మైనస్ 11 ఉండి ఇప్పుడు మైనస్ 17 ఉంటే, లైను నడుస్తున్నా అతుకు సరిగ్గా పడలేదు, లేదా కేబుల్ ఎక్కడో వంగి నలుగుతోంది. ఒక గిగాబిట్ వేగంతో నడిచే పది కిలోమీటర్ల రకం మాడ్యూళ్లు సాధారణంగా మైనస్ 19, 20 దాకా చదవగలవు. కాబట్టి ఇంకో చిన్న నష్టం కలిస్తే లైను తడబడటం మొదలవుతుంది. బాగున్న రోజుల్లో ఆ అంకెను రాసి పెట్టుకున్నవాళ్లే ఈ తేడా పట్టగలరు. అతుకులు పూర్తయ్యాక కూడా పెట్టెకు కాంతి అందక లింకు కలవకపోతే, పంపే ఫైబర్, అందుకునే ఫైబర్ అతుకులో తారుమారై ఉండవచ్చు. బృందం గుంత దగ్గర ఉండగానే చెబితే అది పది నిమిషాల పని. ఇది తాత్కాలిక అతుకా, శాశ్వతమా అన్నదీ అడిగి టికెట్‌లో రాయించాలి.

నెలకు 99.5 శాతం లైను ఉంటుందన్న ఒప్పందం ప్రకారం 30 రోజుల్లో 3 గంటల 36 నిమిషాలు పోవచ్చు. పైన చెప్పిన ఒక్క ఉదయంతోనే అది దాటిపోయింది. అయినా చాలా ఒప్పందాల్లో ఇతరుల తవ్వకాల వల్ల తెగిన కేబుల్‌కు మినహాయింపు ఉంటుంది. సంతకం పెట్టేముందు చదవాల్సిన వాక్యం అదే. జరిమానా తగ్గింపుకంటే ముఖ్యంగా అడగాల్సింది మరొకటి ఉంది: లైను ఏ దారిన వస్తుందో చూపే పటం. కావలి నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్యన, జాతీయ రహదారి మీద ఉంది. పెద్ద కంపెనీల లైన్లు ఇటు నెల్లూరు వైపు, అటు ఒంగోలు వైపు రెండు దిక్కుల నుంచీ రింగుగా వస్తాయి. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నడుస్తాయి. ఆ రింగు రక్షణ కంపెనీ స్థానిక కేంద్రం దాకానే. అక్కడి నుంచి బ్రాంచి దాకా వచ్చే రెండు మూడు కిలోమీటర్లు ఒంటరి తీగ. రెండో వెండరును ఎంచుకునేటప్పుడు, మీ తీగ మా గేటుకు ఏ వీధి నుంచి వస్తుంది, మీ ఆఫీసు నుంచి ఊరు దాటే ఫైబర్ ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. రెండో ప్రశ్నకు జవాబు మొదటి వెండరు పేరే అయితే, తీగల బదులు గాలి మీదుగా వచ్చే రేడియో లింకు గానీ, వేరే కంపెనీ సిమ్ గానీ తీసుకోవడం నయం.

తవ్వేవాళ్ల వైపు నియమాలు లేకపోలేదు. టెలికాం సదుపాయాల భద్రత కోసం 2023 జనవరి మొదట్లో కేంద్రం ఇచ్చిన నియమాల ప్రకారం, తవ్వబోయేవారు ముందుగా ఉమ్మడి పోర్టల్‌లో తెలియజేయాలి. దానికోసమే ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను 2023 మార్చి 22న ప్రధాని ప్రారంభించారు. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల చోట్ల ఫైబర్ తెగుతోందని, నష్టం 3,000 కోట్ల రూపాయల వరకు ఉంటోందని ప్రభుత్వమే అప్పుడు చెప్పింది. తవ్వే చోటును యాప్‌లో గుర్తిస్తే అక్కడ కేబుళ్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. వాళ్లు అక్కడి తమ కేబుళ్ల వివరాలు తెలియజేయాలి. దీని బలహీనత కూడా అక్కడే ఉంది. కేబుల్ యజమాని తన లైన్ల పటాన్ని నమోదు చేసి ఉంటేనే ఆ సమాచారం అందుతుంది. పని తీసుకున్న కాంట్రాక్టరు దాన్ని మరొకరికి అప్పగించినప్పుడు, గుంత తీసే జేసీబీ డ్రైవరు దాకా ఆ సంగతి చేరకపోవచ్చు.

కావలి ఉదాహరణలో కాలువ పని ఆ రోజుతో అయిపోలేదు. జేసీబీ రేపు ఇదే రోడ్డులో మరికొంత ముందుకు, అదే కేబుల్ పక్కనే తవ్వుతుంది. కొత్తగా వేసిన ముక్క తొందరలో పైపైనే పూడ్చి ఉంటుంది కాబట్టి మళ్లీ తెగే అవకాశం మొదటిసారికంటే ఎక్కువ. టికెట్ మూసే ముందు వెండరు నుంచి రాబట్టాల్సిన చివరి మాట, పని పూర్తయ్యేదాకా తవ్వకం దగ్గర వాళ్ల మనిషి ఒకరు ఉంటారన్నది. మునిసిపల్ ఇంజినీరింగ్ విభాగం నుంచి పనుల తేదీలు తెలుసుకుని ఆ వెండరుకు పంపడం బ్రాంచి చేయగలిగిన పని. ఆ తేదీలన్నిటా సిమ్ రౌటర్‌ను వేసే ఉంచాలి. ఉదయం ఆఫీసు తెరవగానే లీజ్డ్ లైను, బ్రాడ్‌బ్యాండ్ తీగలు రెండూ పీకి, బిల్లు వస్తుందో లేదో చూసి, మళ్లీ పెట్టాలి.